పిలుపు పంపేవాళ్ళు పది నిమిషాలు కూర్చుని రాయండి

క్యాలెండర్‌లో "మీటింగ్, ఆదివారం రాత్రి 8" అని పెట్టి, కింద డిస్క్రిప్షన్ ఖాళీగా వదిలేసేవాళ్ళంటే నాకు నిజంగా కోపం. వాళ్ళు మిగుల్చుకున్న పది నిమిషాలకు బదులు పిలుపు అందుకున్న ప్రతి ఒక్కరూ తలా కాస్త సమయం పోగొట్టుకుంటారు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పాత లిఫ్ట్ మార్చే విషయమై ఆన్‌లైన్ మీటింగ్‌కి అలాంటి పిలుపే వచ్చింది. అరగంటలో వాట్సాప్ గ్రూప్ ప్రశ్నలతో నిండిపోయింది. దేని గురించండీ? అద్దెకున్నవాళ్ళు రావాలా? కొటేషన్లు ముందే చూపిస్తారా? లింక్ ఏది? సెక్రటరీ గారు ఓపిగ్గా ఒక్కొక్కరికీ జవాబిచ్చారు. కానీ ఆ జవాబులు గ్రూప్‌లో కిందికి జారిపోయాయి, మర్నాడు అవే ప్రశ్నలు మళ్ళీ వచ్చాయి.

ఆ పిలుపులో మొదటి రెండు వాక్యాలు ఇలా ఉండాల్సింది: "కొత్త లిఫ్ట్‌కి వచ్చిన మూడు కొటేషన్లలో ఒకటి ఖాయం చేయాలి, ఒక్కో ఫ్లాట్ వాటా ఎంతో తేల్చాలి. ఓటు ఓనర్లకే, అద్దెకున్నవాళ్ళు రానక్కర్లేదు." "లిఫ్ట్ గురించి చర్చ" అని రాస్తే చాలదు. మీటింగ్ అయ్యేసరికి ఏది తేలాలో చెప్పాలి. ఇది మొదట్లోనే ఎందుకంటే, ఫోన్‌లో చూసేవాళ్ళు చాలామంది పై రెండు మూడు లైన్లు దాటి కిందికి పోరు.

అజెండా అంశాలను ప్రశ్నలుగా రాయమంటాను. "వాటాల విషయం" అని చూస్తే గ్రౌండ్ ఫ్లోర్ ఆయన రాకపోవచ్చు. "గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు అందరితో సమానంగా కట్టాలా, తక్కువ కట్టాలా? 20 నిమిషాలు" అని ఉంటే తప్పకుండా వస్తారు, తన వాదన సిద్ధం చేసుకుని మరీ వస్తారు. అసలు గొడవ అక్కడే కాబట్టి ఎక్కువ సమయం దానికే ఇవ్వాలి. కొటేషన్ల పోలిక సెక్రటరీ గారు 10 నిమిషాల్లో చెప్పేస్తారు, ఓటింగ్‌కి 10, మొదటి వాయిదా కట్టే తేదీకి 5. మొత్తం 45 నిమిషాలు.

ఇక లింక్. గూగుల్ క్యాలెండర్‌లో గూగుల్ మీట్ వీడియో కాల్ జోడిస్తే లింక్ ఆ పిలుపులోనే వస్తుంది. పోయిన నెల లింక్ తెచ్చి డిస్క్రిప్షన్‌లో అతికిస్తే రెండు లింకులై, సగం మంది ఒకచోట, సగం మంది ఇంకోచోట కూర్చుంటారు. ఒకటే ఉంచండి. గెస్ట్ లిస్ట్‌లో లేని ఖాతాతో వచ్చినవాళ్ళు సాధారణంగా లోపలికి రానివ్వమని అడగాల్సి వస్తుంది. లోపలున్నవాళ్ళలో ఆ అధికారం ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. ఆ పని ఎవరిదో, లింక్ పనిచేయకపోతే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో కూడా రాయండి.

టైమ్ మాత్రం డిస్క్రిప్షన్‌లో మళ్ళీ రాయకండి. డాలస్‌లో ఉన్న మా ఓనర్‌కి ఆయన క్యాలెండర్ అక్కడి టైమే చూపిస్తుంది. మన రాత్రి 8 వాళ్ళకు వేసవిలో ఉదయం 9:30, నవంబర్‌లో గడియారాలు వెనక్కి తిప్పాక 8:30. ప్రతి నెలా జరిగే మీటింగ్‌లో "డాలస్ 9:30" అని చేత్తో రాస్తే శీతాకాలంలో అది తప్పవుతుంది, ఆయన గంట ఆలస్యంగా వస్తారు.

అందరూ ఎక్కువగా తేలిగ్గా వదిలేసేది ప్రిపరేషన్. "కొటేషన్లు చూసి రండి" అంటే మూడు పెద్ద పీడీఎఫ్‌లు ఎవరు చదువుతారు? నేనైతే ఇలా రాస్తాను: "జతచేసిన ఒక పేజీ పట్టికలో ఏటా మెయింటెనెన్స్ ఖర్చు కాలమ్ చూడండి, ఐదు నిమిషాలు చాలు. మిగతాది చదవక్కర్లేదు. రాలేనివాళ్ళు మీ ఎంపికను శనివారం రాత్రి 9 లోపు సెక్రటరీకి రాసి పంపండి." ఈ నాలుగు ముక్కలు ఉంటే ఫోన్ చేసి అడగాల్సినదేమీ ఉండదు. పంపే ముందు ఆ ఫైల్ లింక్‌ను మీ ఖాతాతో కాకుండా ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. మీకు తెరుచుకునే ఫైల్ అవతలివాళ్ళకు "అనుమతి అడగండి" అని చూపించవచ్చు. అది తెలిసేది ఆదివారం సాయంత్రం, అప్పుడు అనుమతి ఇవ్వాల్సిన మనిషి ఏ పెళ్ళిలోనో ఉంటారు.

పంపాక ఏదైనా మారితే, ఉదాహరణకు ఒక కంపెనీ కొటేషన్ వెనక్కి తీసుకుంటే, మధ్యలో ఎక్కడో దిద్ది ఊరుకోకండి. అన్నిటికన్నా పైన "మార్పు: ఇప్పుడు రెండే కొటేషన్లు, కొత్త పట్టిక జతచేశాం" అని తేదీతో రాయండి. సేవ్ చేసేటప్పుడు గెస్టులకు అప్‌డేట్ పంపాలా అని అడిగితే పంపమనండి. వద్దంటే, పాత పట్టిక ఒకసారి చదివేసినవాళ్ళు దాన్నే మనసులో పెట్టుకుని మీటింగ్‌కి వస్తారు.