శాపనార్థాలు జతచేయడమైనది

పోయిన రచయితకు ఉత్తరం రాసి లాభం లేదు. బతికున్న రచయిత దగ్గర ఇంకా కలం ఉంటుంది కాబట్టి, ఆయన్ని దారిలో పెట్టాల్సిన బాధ్యత పాఠకుడిదే. ఆ బాధ్యతతోనే ఈమధ్య ఒక నవలాకారుడికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఆయన నవలలో కథానాయిక, కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టేశాక, పెళ్లి వద్దంది. ఆ అడ్వాన్సు గతేమిటో ఆయన ఒక్క వాక్యమైనా రాయలేదు. మూడు రోజులు నాకు నిద్ర లేదు.

ఇది నా ఒక్కడి జబ్బా అని అనుమానం వచ్చి పాత రికార్డులు తిరగేశాను. కాదు. ఇంగ్లండులో లేడీ బ్రాడ్‌షే అనే గొప్పింటావిడకు ఇంతకన్నా ముదిరింది.

శామ్యూల్ రిచర్డ్‌సన్ అనే రచయిత తన ‘క్లారిసా’ నవలను 1747 డిసెంబరు నుంచి ఏడాది పాటు, మూడు విడతలుగా, ఏడు సంపుటాల్లో వదిలాడు. మధ్యలో నెలల తరబడి విరామం. సీరియల్ కోసం వారం రోజులు ఆగలేక పక్కింటికి పరిగెత్తిన మనవాళ్లకు ఆ బాధ చెప్పనక్కర్లేదు. చివరి విడత రాకముందే, కథానాయిక క్లారిసా చనిపోతుందట అని కబురు పొక్కింది. 1748 శరత్కాలంలో లేడీగారు ‘బెల్‌ఫర్’ అనే మారుపేరుతో రచయితకు ఉత్తరం రాసింది. క్లారిసాను మోసం చేసి ఇంట్లోంచి తీసుకుపోయిన లవ్‌లేస్‌ను కాస్త బాగుచేసి, ఇద్దరికీ పెళ్లి చేయమంది. మాట వినకపోతే ఇదిగో శాపం అంది: పడుచువాళ్లూ అందగత్తెలూ అందరూ నిన్ను అసహ్యించుకోవాలి, నీ కళ్లకు ముసలితనం, కురూపితనం తప్ప ఇంకేమీ కనపడకూడదు, నిన్ను మెచ్చుకునేది అసూయాపరులైన ముసలి కన్నెలూ, చిటపటలాడే బ్రహ్మచారులూ, పిల్లల్ని కాల్చుకుతినే తల్లిదండ్రులూ మాత్రమే కావాలి, చచ్చాక వాళ్ల దయ్యాలే నిన్ను పట్టుకోవాలి.

కుళాయి దగ్గర నేను విన్న తిట్లలో కూడా ఇంత పద్ధతి లేదు. నా ఉత్తరంలో శాపం లేదని అప్పుడే గుర్తించి, విడిగా ఒక కాగితం జతచేశాను.

రిచర్డ్‌సన్ లొంగలేదు. చెడ్డవాడు బాగుపడితే అంతకన్నా మంచి మొగుడు ఉండడని జనం నమ్ముతున్నారు, ఆ నమ్మకాన్ని దెబ్బకొట్టడానికే ఈ నవల అన్నది ఆయన పట్టుదల. చివరి విడతలో లవ్‌లేస్ ఆ పిల్లకు మత్తుమందిచ్చి మానభంగం చేస్తాడు. తర్వాత అతని చుట్టాలు పెళ్లికి రాయబారం పంపుతారు. ప్రాణస్నేహితురాలు అన్నా హౌ కూడా, పరువు దక్కాలంటే వాణ్నే చేసుకో అంటుంది. క్లారిసా చేసుకోను అంటుంది. మన ఊరి పెద్దమనుషుల్ని రచయిత ఒక్కసారి సంప్రదించి ఉంటే, రచ్చబండ దగ్గర అరగంటలో తేలిపోయేది. పాడు చేసినవాడి చేతే తాళి కట్టించి, తప్పు కింద రెండు వేలు వేసి, టీలు తాగి లేచేవాళ్లు. నవల ఐదు సంపుటాలతో ముగిసేది. కాగితం ఎంత మిగిలేదో!

లేడీగారు ఆ చివరి సంపుటాలు చదివిన తీరు ఆవిడే రాసింది. పుస్తకం కింద పెట్టడం, గదిలో అటూ ఇటూ తిరగడం, బోరున ఏడవడం, కళ్లు తుడుచుకుని మళ్లీ తీయడం, మూడు లైన్లు చదవకముందే విసిరికొట్టడం. అర్ధరాత్రి లేచి ఏడ్చింది, పొద్దున ఫలహారం దగ్గర ఏడ్చింది. అయినా పుస్తకం అవతల పారేయలేదు. అంచుల నిండా రచయితతో పోట్లాడుతూ రాసుకున్న ఆ ప్రతి ఇప్పటికీ భద్రంగా ఉంది.

అంతటితో కక్ష తీరిందా అంటే, లేదు. ఆయన్ని చూడాలనుకుంది. రిచర్డ్‌సన్ పెళ్లిచూపుల వివరాల్లా తన ఆనవాళ్లు పంపాడు: పొట్టి, ఐదడుగుల ఐదంగుళాలు, కాస్త బొద్దు, విగ్గు, ఒక చెయ్యి కోటు లోపల గుండె మీద, రెండో చేతిలో కర్ర. శాపం తగిలిన లక్షణాలు మాత్రం ఆ జాబితాలో లేవు.

నా ఉత్తరానికి పోయిన మంగళవారం జవాబు వచ్చింది. పోస్టుకార్డు, రెండే లైన్లు. “మండపం అడ్వాన్సు తిరిగి ఇవ్వరండీ. ఆ సంగతి అమ్మాయికి తెలుసు.” శాపం గురించి ప్రస్తావనే లేదు.

మా ఆవిడ కార్డు చదివి, నవలలో గుర్తుగా పెడదామని వెతికితే పుస్తకం బీరువాలో లేదు. మా అమ్మాయి తీసుకుందట, సగం దాకా వచ్చిందట. దాని పెళ్లి ఫిబ్రవరిలో. అడ్వాన్సు కట్టేశాను.