1400 ఆర్పీఎమ్‌కు జరిగిన అవమానం

గత వారం మా షోరూమ్‌లో ఒక దుర్ఘటన జరిగింది. ఏదీ పగల్లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇరవై ఏళ్లుగా వాషింగ్ మెషీన్లు అమ్ముతున్న నేను పక్కనే నిలబడి ఉండగా, చేరి మూడు వారాలు కూడా కాని ఒక అమ్మాయి ఒక పెద్దావిడకు మెషీన్ అమ్మేసింది. అమ్మితే అమ్మింది, నాకేం ఈర్ష్య లేదు. కానీ ఫీచర్ల జాబితా పూర్తిగా వినిపించకుండా అమ్మింది! ఈ పద్ధతి ఇలాగే పాకిపోతే నాలాంటి పండితులు ఏమైపోవాలో దేశం ఆలోచించాలి.

పెద్దావిడ మెషీన్ కొనడం అదే మొదటిసారి. ఇలాంటివారు దొరికితే నాకు పండగే. రెండోసారి కొనేవాడితో మజా ఉండదు. "నా పాతది 1000 ఆర్పీఎమ్, బట్టలు తడితడిగా వచ్చేవి. ఇదెంత?" అంటాడు. 1200 అనగానే తనే తలాడిస్తాడు. అంకెను అవసరంలోకి మార్చుకునే తెలివి అతని పాత మెషీనే అతనికి నేర్పేసి పోయింది. మొదటిసారి కొనేవారికి పోల్చుకోడానికి చేతులు తప్ప ఇంకేమీ లేవు. మనం ఏ అంకె వేసినా వారి బుర్రలోకి అంకెగానే వెళ్తుంది, అంకెగానే కూర్చుంటుంది. అదే కదా మనకు కావలసిన గౌరవం.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "అమ్మా, ఇది 8 కిలోల ఫ్రంట్ లోడ్. 1400 ఆర్పీఎమ్ స్పిన్. ఇన్వర్టర్ మోటార్. 15 ప్రోగ్రామ్‌లు."

"8 కిలోలంటే మెషీన్ బరువా బాబూ?" అన్నారావిడ.

నవ్వుకుని సరిదిద్దాను. మెషీన్ బరువు 60 కిలోలు దాటుతుందనీ, స్పిన్‌లో ఎగిరి గంతులు వేయకుండా లోపల కాంక్రీటు దిమ్మ కూడా బిగిస్తారనీ చెప్పాను. 8 కిలోలంటే ఒక్క విడతలో వేయగలిగే పొడిబట్టల బరువనీ, అదీ కాటన్ ప్రోగ్రామ్‌లోనేననీ, సింథటిక్ బట్టలైతే అందులో సగం వరకేననీ, ఉన్నివైతే రెండు కిలోల దగ్గరే ఆగాలనీ వివరించాను. ఇంత శాస్త్రం చెప్తే ఆవిడకు అందులో ఒక్క మాటే వినిపించింది.

"కాంక్రీటా? మాది మూడో అంతస్తు బాబూ. నేల ఆగుతుందా?"

సరే, భయం పోగొట్టాలని నా బ్రహ్మాస్త్రం తీశాను. 1400 ఆర్పీఎమ్ అంటే డ్రమ్ము నిమిషానికి 1400 సార్లు తిరుగుతుందనీ, దాదాపు అర మీటరు వ్యాసం ఉన్న డ్రమ్ములో ఆ వేగంతో బట్టల మీద పడే బలం భూమ్యాకర్షణకు 500 రెట్లు పైనే ఉంటుందనీ చెప్పాను. లెక్క నిజమే, నేనే స్వయంగా కట్టాను. ఆవిడ చేతిలోని సంచీని గట్టిగా పట్టుకున్నారు.

"మరి బట్టలు చిరిగిపోవూ?"

ఇక్కడ ఒక శాస్త్రీయ విషయం ఒప్పుకోక తప్పదు. అర్థం చెప్పకుండా వదిలేసిన అంకె ఖాళీగా ఉండదు. వినేవారు దానికి తమకు తోచిన అర్థం పెట్టుకుంటారు. మొదటిసారి కొనేవారికి తోచేది ఎక్కువగా భయమే. బరువు చెప్తే నేల గురించి, వేగం చెప్తే చిరుగుల గురించి, ప్రోగ్రామ్‌లు 15 అంటే ఏ మీట నొక్కితే ఏమవుతుందో అని. నా దృష్టిలో ఇది మంచిదే. భయపడ్డవారు ప్రశ్నలు అడుగుతారు, మనకు ఇంకా ఫీచర్లు చెప్పే అవకాశం వస్తుంది. ఆ రోజు కూడా ఇన్వర్టర్ మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు ఎందుకుండవో మొదలుపెట్టబోతున్నాను.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. మెషీన్ వైపు కూడా చూడలేదు. "అమ్మా, మీరు బట్టలు ఎక్కడ ఆరేస్తారు?" అంది.

ఇదేం ప్రశ్న! మనం అమ్మేది ఉతికే మెషీను. ఆరేసే దండెంతో మనకేం పని?

పెద్దావిడ మాత్రం సంచీ పట్టు వదిలేశారు. "డాబా మీదేనమ్మా. మోకాళ్ల నొప్పులు. ఉతకడమంటావా, కూర్చుని ఎలాగో ఉతికేస్తా. ఆ తడిబట్టల బకెట్ పైకి మోయడమే చావుగా ఉంది."

నా ఇరవై ఏళ్ల అనుభవంలో ఏ కస్టమరూ నాతో ఇంత మాట్లాడలేదు. బహుశా నేను ఎవరికీ అంత వ్యవధి ఇవ్వలేదేమో, అది వేరే సంగతి.

అమ్మాయి కాగితం తీసి, అయిదు కిలోల పొడిబట్టల లెక్క వేసింది. చేత్తో పిండిన నూలుబట్టలో దాదాపు దాని బరువంత నీరు మిగిలిపోతుంది. దుప్పట్లూ తువ్వాళ్లూ అయితే ఇంకా ఎక్కువే. అంటే డాబా మెట్లు ఎక్కేది పది కిలోలు. 800 ఆర్పీఎమ్ స్పిన్‌లో మిగిలే నీరు బట్ట బరువులో సుమారు 70 శాతం, కాబట్టి బరువు ఎనిమిదిన్నర కిలోలు. 1200లో 54 శాతం, ఏడు కిలోల ఏడు వందల గ్రాములు. 1400లో 50 శాతం, ఏడున్నర కిలోలు.

"చేత్తో పిండి మోసేదానికంటే 1200 మెషీన్‌తో విడతకు రెండు కిలోల పైన బరువు తగ్గుతుందమ్మా," అంది. అంతటితో ఆపి ఉంటే క్షమించేవాణ్ణి. "1400 తీసుకుంటే ఇంకో 200 గ్రాములు తగ్గుతుంది. అంటే ఒక గ్లాసు నీళ్లు."

గ్లాసు నీళ్లు! బ్రోషర్ మొదటి పేజీలో నీలిరంగు మెరుపుల మధ్య ముద్రించిన మా 1400ని ఆ పిల్ల గ్లాసు నీళ్లకు దించేసింది. ఒక్కసారి ఆలోచించండి. 800 నుంచి 1200కి వెళ్తే ఎనిమిది వందల గ్రాములు తగ్గితే, ఆ పైన మరో 200 ఆర్పీఎమ్‌కు తగ్గేది గ్లాసుడేనా? నిజమే, అంతే. వేగం పెరిగేకొద్దీ అదనంగా పిండగలిగే నీరు తగ్గిపోతుంది, ఎందుకంటే చివరికి మిగిలేది నూలు పోగుల లోపల ఇంకిపోయిన నీరు, అది గిరగిరా తిప్పినంత మాత్రాన వదలదు. కానీ ఈ నిజం కౌంటర్ దగ్గర మాట్లాడేదా? 1200 కంటే 1400 పెద్దది. అంకెకు అంతకంటే గౌరవం ఏం కావాలి?

ఆ సాయంత్రం అమ్మాయిని పిలిచి మందలించాను. నేను బెనిఫిట్లు చెప్పనని ఎవరన్నారు? కావాలంటే చెప్తాను. 1400 ఆర్పీఎమ్, కాబట్టి బట్టలు త్వరగా ఆరతాయి. ఇన్వర్టర్ మోటార్, కాబట్టి చప్పుడు తక్కువ. ఇవి బెనిఫిట్లు కావా?

కావంది. అవి లాభాలు మాత్రమేనట, ఎవరి లాభమో ఇంకా తేలని లాభాలు. అమ్మకాల సంభాషణలను వేల సంఖ్యలో గమనించిన నీల్ రాకమ్ అనే పరిశోధకుడు 1980లలోనే ఈ గీత గీశాడట. కొనేవారు తమ నోటితో చెప్పిన అవసరాన్ని తీరిస్తేనే దాన్ని బెనిఫిట్ అనాలి, మనం ఊహించి చెప్పేది ఎంత తియ్యగా ఉన్నా కాదు. పెద్దావిడ డాబా మీద ఎండకు కొదవ లేదు, బట్టలు గంట ముందు ఆరితే ఆవిడకు ఒరిగేదేమీ లేదు. ఆవిడ గోల మెట్ల మీది బరువు. అదే స్పిన్, అదే నీరు. "త్వరగా ఆరతాయి" అంటే ఆవిడకు గాలిలో మాట, "బకెట్ తేలికవుతుంది" అంటే మోకాలికి తగిలే మాట. రాత్రి పసిపిల్లను నిద్రపుచ్చి మెషీన్‌లో బట్టలు వేసే తల్లి వస్తే స్పిన్ మాటే ఎత్తక్కర్లేదట, చప్పుడు లేని మోటార్ దగ్గర మొదలుపెట్టాలట.

రాకమ్ చూసినవి ఎక్కువగా పెద్ద పెద్ద అమ్మకాలనీ, చిన్న కౌంటర్‌లో ఊహించి చెప్పిన లాభం కూడా పనిచేస్తుందనీ నేను వాదించాను. ఒప్పుకుంది. "పనిచేస్తుంది సార్, వాళ్లకు ముందే కొంత తెలిసి ఉంటే," అంది. ఈ కాలం పిల్లలు ఒప్పుకుంటూనే ఎదురుచెప్తారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ బెనిఫిట్ల పిచ్చి ముదిరితే ఏమవుతుందో మా పక్క కౌంటర్ కుర్రాణ్ణి చూస్తే తెలుస్తుంది. అతను ఫీచర్ జోలికే పోడు. "మెషీన్ లోంచి తీసి నేరుగా తొడుక్కోవచ్చు మేడమ్, లైఫ్ మారిపోతుంది" అంటాడు. నూరు కిలోల బట్టకు యాభై కిలోల నీరు మిగిలే యంత్రం లోంచి తీసి తొడుక్కుంటే మారేది లైఫ్ కాదు, ఆరోగ్యం. డ్రైయర్ లేని మెషీన్ బట్టలు ఆరబెట్టదు, నీరు పిండుతుంది, అంతే. "దేనివల్ల?" అని వెనక్కి అడిగితే ఒక్క ఫీచర్ కూడా చూపించలేని ప్రయోజనం అది. నా అంకెలకు కనీసం "అయితే ఏంటి?" అని ముందుకు అడిగితే ఏదో ఒక దారి దొరుకుతుంది. అందుకే అతని కస్టమర్లు వారంలో ఫిర్యాదుతో తిరిగొస్తారు. నా కస్టమర్లు అసలు తిరిగిరారు. దీన్ని నేను సంతృప్తిగా లెక్కవేస్తాను.

అమ్మాయి పెద్దావిడకు చిరుగుల భయం కూడా తీర్చింది. స్పిన్ వేగం తగ్గించే మీట ఒకటుందనీ, పల్చటి బట్టలకు 600 పెట్టుకోవాలనీ చూపించి, ఆవిడ చేతనే రెండుసార్లు నొక్కించింది. 15 ప్రోగ్రామ్‌లలో ఆవిడకు పనికొచ్చేవి రెండంటూ వాటి పక్కన చుక్కలు పెట్టింది. 15 నిమిషాల క్విక్ వాష్ గురించి అడిగితే, అది రెండు కిలోల లోపు అంతగా మాయని బట్టలకేనని, మురికి దుప్పట్లు అందులో వేస్తే మురికి దుప్పట్లే వస్తాయని చెప్పింది. మిగతా పన్నెండు ప్రోగ్రామ్‌లు అనాథలై నిలబడ్డాయి. ఆవిడ 1200 మెషీన్ తీసుకుని వెళ్లిపోయారు.

నేను మేనేజ్‌మెంట్‌కు రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ఇంకా జవాబు రాలేదు.

నిన్న ఆ పెద్దావిడ మళ్లీ వచ్చారు, వెంట వాళ్ల చెల్లెలు. చెల్లెలికి కూడా మొదటి మెషీనే. నా ప్రాణం లేచొచ్చింది. "రండమ్మా, ఇది 8 కిలోల ఫ్రంట్ లోడ్..." అని ఎదురెళ్లాను.

"ఆ గ్లాసు నీళ్లమ్మాయి లేదా బాబూ?" అన్నారావిడ.

సెలవులో ఉందని, రేపొస్తుందని చెప్పాను. ఈలోగా ఫీచర్లన్నీ నేను చెప్తానన్నాను. చెల్లెలుగారు మొహమాటపడి కుర్చీలో కూర్చుని వినడం మొదలుపెట్టారు. ఏడో ప్రోగ్రామ్ దగ్గర ఉండగా ఇద్దరూ లేచి, రేపు ఎన్ని గంటలకు వస్తుందో అడిగి వెళ్లారు.