పదికి జోడీలు యాభైసార్లు రాయిస్తే రావు

"తల్లిదండ్రులకు, టీచర్లకు ముఖ్య గమనిక! టెన్ ఫ్రేములు, రంగు బిళ్ళలు అంటూ టైం వేస్ట్ చేయకండి. 1) బిళ్ళలిస్తే పిల్లలు ఆటలో పడతారు. 2) రెండు రంగులుంటే కన్‌ఫ్యూజ్ అవుతారు. 3) బిళ్ళలు అలవాటైతే ఎప్పటికీ లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. 4) 1+9, 2+8, 3+7 అని వరుసగా రోజూ 50 సార్లు రాయించండి, వారంలో నోటికి వచ్చేస్తాయి. 5) తర్వాత 100 లెక్కల పేజీ ఇచ్చి, నిమిషంలో అయ్యేదాకా స్టాప్‌వాచ్ పెట్టండి. 6) తీసివేతలు వచ్చే ఏడాది చూసుకోవచ్చు. అందరికీ షేర్ చేయండి."

ఈ మెసేజ్‌ను షేర్ చేస్తూనే ఉన్నారు. పంపేవాళ్ళంతా పిల్లల మేలు కోరేవాళ్ళే. ఒక్కసారి ఓ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇందులో ఏ ఒక్కటైనా చేసి చూస్తే ఇది ఇంత దూరం వచ్చేది కాదు.

టెన్ ఫ్రేమ్ అంటే వరుసకు ఐదు చొప్పున రెండు వరుసల్లో పది గడులు గీసిన చట్రం, గడికో బిళ్ళ పెడతారు. మొదటి పాయింట్‌కు ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొత్త వస్తువు చేతికొస్తే పిల్లలు ఆడతారు. ఐదు నిమిషాలు ఆడుకోనిచ్చి, ఆ తర్వాత లెక్కపెట్టి పది బిళ్ళలే ఇవ్వండి, మిగతావి డబ్బాలో పెట్టేయండి. ఇరవై బిళ్ళలు ముందు పోస్తే గోపురాలు కడతారు, పది ఉంటే గడుల్లోకి వస్తారు.

రెండోది రాసినవాళ్ళు ఆ బిళ్ళను తిప్పి చూసినట్టు లేరు. అది ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు పసుపు ఉండే ఒకే బిళ్ళ. పది గడుల్లోనూ ఎరుపు పైకి ఉండేలా పది పెట్టించండి. చివరి దాన్ని తిప్పించండి, తొమ్మిది ఎరుపు, ఒకటి పసుపు అవుతుంది. ఇంకోటి తిప్పితే ఎనిమిది, రెండు. ఇప్పుడు "మొత్తం ఎన్ని?" అని అడగండి. కొందరు మళ్ళీ మొదటి గడి నుంచి వేలు పెట్టి లెక్కపెడతారు. రంగు మారినా మొత్తం మారలేదన్న సంగతి ఆ పిల్లలకు ఇంకా అందలేదని అర్థం. వాళ్ళను ప్రాక్టీస్ పేజీ దగ్గరికి అప్పుడే తీసుకెళ్ళకూడదు. "కొత్తగా ఏమీ పెట్టలేదుగా, పదే!" అని విసుక్కునేదాకా ఒక్కో బిళ్ళే తిప్పిస్తూ ఉండాలి. దీనికి రెండు రంగులు కావాలి. ఒకే రంగు బిళ్ళలతో ఇది చూపించలేం.

మూడో పాయింట్ మాత్రం నిజం. ఆ మెసేజ్‌లో నిజమైంది ఇదొక్కటే. బిళ్ళలు ఇచ్చి, వాటిని మళ్ళీ తీసెయ్యడం మరిచిపోతే పిల్లలు నెలల తరబడి ఒకటి, రెండు, మూడు అంటూ ముట్టుకుని లెక్కపెడుతూనే ఉంటారు. టెన్ ఫ్రేమ్ వాడేవాళ్ళలో చాలామంది చేసే తప్పు ఇదే, వాళ్ళను వెనకేసుకురావడం నా వల్ల కాదు. బిళ్ళ ఇచ్చే రోజే దాన్ని ఎప్పుడు, ఎలా తీసేస్తామో అనుకుని ఉండాలి.

అదెలాగో 7 మీద చూద్దాం. పై వరుస ఐదు గడులూ ఎడమ నుంచి నింపి, కింది వరుసలో ఎడమ నుంచి రెండు, అన్నీ ఎరుపే. ఎప్పుడూ ఇదే పద్ధతిలో నింపాలి. ఎక్కడ పడితే అక్కడ పెట్టిస్తే ఏడుకు ఒక రూపమంటూ ఉండదు, చూడగానే గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. పై వరుస నిండింది కాబట్టి ఐదు, కింద రెండు, పక్కన మూడు ఖాళీలు. మూడు వస్తువుల్ని లెక్కపెట్టకుండానే కన్ను పట్టేస్తుంది, ఫ్రేమ్ పనిచేసేదే దాని మీద. "పది కావాలంటే ఇంకెన్ని?" అని అడిగి, జవాబు చెప్పాకే మూడు పసుపు పెట్టించాలి. పెట్టాక అడిగితే ఉన్న పసుపు బిళ్ళల్నే లెక్కపెట్టి చెబుతారు.

రెండో మెట్టులో పసుపు ఉండదు. ఏడు ఎరుపు గుండ్రాలు గీసిన కార్డును రెండు సెకన్లు చూపించి బోర్లించేయాలి. రెండు సెకన్లలో ఒక్కొక్కటీ లెక్కపెట్టడం కుదరదు, ఆకారాన్నే పట్టుకోవాలి. ఐదు సెకన్లు ఉంచితే పాత లెక్కపెట్టుడే తిరిగొస్తుంది. మూడో మెట్టులో ఖాళీ ఫ్రేమ్ ఒక్కటే ముందుంచి "ఏడు ఉన్నాయనుకో" అంటాం. నాలుగో మెట్టులో ఫ్రేమ్ కూడా లేదు, "ఏడుకు ఎంత?" అన్న మాటే ఉంటుంది. ఎక్కడైనా తడబడితే ఒక్క మెట్టే వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ మొదటికి కాదు. లెక్కపెడుతున్నారో, చూసి చెబుతున్నారో ముఖం చూస్తే తెలిసిపోతుంది. లెక్కపెట్టే పిల్లల గడ్డం కొద్దికొద్దిగా ఊగుతుంది, పెదాలు కదులుతాయి. చూసి చెప్పేవాళ్ళను "ఎలా తెలిసింది?" అని అడిగితే "కింద మూడు ఖాళీగా ఉన్నాయిగా" అంటారు.

ఇక నాలుగో పాయింట్. పిల్లలకు నిజంగా హాని చేసేది ఇదే. వరుసగా రాయమంటే పిల్లలు ఏం చేస్తారో పక్కన కూర్చుని చూడండి. ముందు పై నుంచి కిందికి 1, 2, 3, 4 అని తొమ్మిదిదాకా ఒక నిలువు వరుస దింపేస్తారు. తర్వాత పక్కన ప్లస్ గుర్తులన్నీ ఒక్క ఊపున పెట్టేస్తారు. ఆ తర్వాత కింది నుంచి పైకి మళ్ళీ 1, 2, 3, 4. పేజీ అందంగా ఉంటుంది, ఒక్క తప్పూ ఉండదు. అందులో ఒక్క కూడిక కూడా లేదు. యాభైసార్లు రాస్తే యాభైసార్లూ తొమ్మిదిదాకా అంకెలు పైకీ కిందికీ రాయడమే జరిగింది.

వారం తర్వాత నోటికి వస్తుందా? వస్తుంది, పాటలాగా. "ఆరుకు ఎంత?" అని అడగండి. "ఒకటి తొమ్మిది, రెండు ఎనిమిది, మూడు ఏడు..." అని మొదటి నుంచి ఎత్తుకుంటే తప్ప ఆరు దగ్గరికి రాలేరు. ఈ జోడీలతో అసలు పని పడేది 8 + 5 లాంటి చోట. ఎనిమిదికి రెండు కావాలి, ఆ రెండు ఐదులోంచి తీసిస్తే మూడు మిగులుతుంది, పదీ మూడూ పదమూడు. "ఎనిమిదికి రెండు" అన్నది ఆ క్షణంలో విడిగా తట్టాలి. పాట మొదటి నుంచి పాడుకునేలోపు ఐదులో ఏం చేయాలనుకున్నారో మరిచిపోతారు, వేళ్ళు బయటికొస్తాయి. పాపం, వాళ్ళకు లెక్కలు రావనుకుంటారు. నేర్పిన వరుసే వాళ్ళకు అడ్డం వచ్చింది.

రాతలో బయటపడని తప్పు ఇంకోటుంది. ఏడు నుంచి పదికి ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టే పిల్లలు చాలామంది మొదటి వేలికే "ఏడు" అంటారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది: నాలుగు వేళ్ళు లేచాయి, జవాబు 4. టెన్ ఫ్రేమ్ మీద ఈ తప్పు నిలవదు. నాలుగు పసుపు బిళ్ళలు తీసుకుంటారు, మూడు పెట్టేసరికి గడులు అయిపోతాయి, నాలుగోది చేతిలో మిగిలిపోతుంది. పెద్దవాళ్ళు నోరు విప్పక్కర్లేదు. ఆ మిగిలిన బిళ్ళను చూస్తూ పిల్లలే మళ్ళీ లెక్కపెట్టుకుంటారు. అప్పుడు తొందరపడి "మూడు కదా" అని అందించకండి.

ఐదో పాయింట్ పంపేముందు ఎవరైనా భాగించి చూశారా? నిమిషంలో 100 అంటే ఒక్కో లెక్కకు 0.6 సెకన్లు. లెక్క చదివి, ఆలోచించి, అంకె రాయడానికి కలిపి! ఆరేళ్ళ పిల్లలు అంకెలు చూసి రాయమన్నా ఆ వేగంతో రాయలేరు. మీరు పెన్ను పట్టుకుని ప్రయత్నించండి. అందుకే టైం చూడాలనుకుంటే ముందు ఒక నిమిషంలో పిల్లలు ఎన్ని అంకెలు చూసి రాయగలరో లెక్క చూసుకోవాలి. చెయ్యి అంతకంటే వేగంగా నడవదు. అది తెలియకుండా స్టాప్‌వాచ్ పెడితే చెయ్యి నెమ్మదని బుర్రను తిడుతున్నట్టే.

పేజీ వద్దని కాదు. బిళ్ళల పని అయ్యాక చిన్న పేజీ ఉండి తీరాలి, లేకపోతే తెలిసిన జోడీ వెంటనే తట్టే స్థితికి రాదు. పన్నెండు లెక్కలు చాలు, ఇదిగో ఇలా:

```
 7 + __ = 10     5 + __ = 10     __ + 1 = 10
10 = 6 + __     10 - 3 = __      __ + 10 = 10
 2 + __ = 10    10 = __ + 7       4 + __ = 10
 8 + __ = 10    __ + 3 = 10      10 - 6 = __
```

జవాబులు వరుసగా చదివితే 3, 5, 9, 4, 7, 0, 8, 3, 6, 2, 7, 4. పక్కపక్క జవాబులు ఎక్కడా ఒకటి చొప్పున పెరగవు, తరగవు, కాబట్టి ఒకదాన్ని చూసి పక్కదాన్ని ఊహించే వీలు లేదు. పన్నెండులో ఏడు లెక్కలు 7-3, 6-4 జోడీలవే, ఎందుకంటే తడబడేది ఎక్కువగా అక్కడే. 9-1, 5-5 ఒక్కోసారి వస్తే సరిపోతుంది. పది ముందుకొచ్చిన లెక్కలు కావాలని పెట్టినవి. ఎప్పుడూ చివర్లోనే = చూసిన పిల్లలు దాన్ని "జవాబు ఇక్కడ రాయి" అన్న గుర్తుగా తీసుకుంటారు, 7 + __ = 10 లో ఏడునూ పదినీ కలిపేసి 17 రాస్తారు. అలా రాస్తే ఫ్రేమ్ మీద ఏడు పెట్టించి ఆ లెక్కను చదివించండి: "ఏడుకు ఎంత కలిపితే పది?"

ఈ పేజీకి గడియారం అక్కర్లేదు. పిల్లల పక్కన కూర్చుని పెన్సిల్ ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ లెక్క పక్కన చుక్క పెట్టండి. జవాబు ఒప్పే అయినా చుక్క పెట్టాల్సిందే. మర్నాడు బిళ్ళలతో చేయించాల్సినవి ఆ చుక్కలున్న జోడీలే. మిగతావాటిని మళ్ళీ చేయించి విసిగించవద్దు. మూడు రోజులు వరుసగా చుక్క పడని జోడీని పేజీలోంచి తీసేసి, ఆ స్థానంలో ఆగుతున్నదాన్ని ఇంకో రూపంలో పెట్టండి.

ఆరో పాయింట్‌లోని తీసివేతల్ని ఏడాది ఆపనక్కర్లేదు, ఒక్క నిమిషం కూడా ఆపనక్కర్లేదు. ఏడు ఎరుపు, మూడు పసుపు గడుల్లో అలాగే ఉన్నాయి. పసుపు మూడింటి మీద అరచెయ్యి పెట్టి "పదిలో మూడు దాచాను" అంటే 10 - 3. చెయ్యి ఎరుపు మీదికి జరిపితే 10 - 7. కాకపోతే ఏడింటినీ అరచెయ్యి కప్పలేదు, దానికి ఓ కాగితం ముక్క దగ్గర పెట్టుకోండి.