స్టాక్ లేదని వేరే సరుకు పంపితే: వద్దు అంటే చాలదు, ఏది కావాలో రాయాలి

ఫిబ్రవరి మొదటి వారంలో విడవలూరు మండలంలో ఒక రొయ్యల రైతు గుంట దగ్గర చిన్న వ్యాన్ ఆగింది. రావాల్సినవి గుంటలో పరిచే ప్లాస్టిక్ ఫిల్మ్ రోళ్లు ఏడు. వచ్చినవి మడతపెట్టిన బేళ్లు. రైతు ఒక బేలు అంచు ఎత్తి వేలితో గీరి చూశాడు. లోపల గోనెసంచిలాగా నేత కనిపించింది. ఆయన అడిగింది నున్నటి నల్ల ఫిల్మ్. ఫోన్ చేస్తే సరఫరాదారు చెప్పిన మాట ఇదీ: "ఆ స్టాక్ అయిపోయిందన్నా. ఇది దానికన్నా గట్టిది, పని అదే చేస్తుంది. కావాలంటే మీటరుకు పదిహేను తగ్గించుకుంటాలే."

ఆ సాయంత్రమే ఆయన నాకు ఫోన్ చేశారు. నెల్లూరు చుట్టుపక్కల ఆక్వా రైతుల కొనుగోలు కాగితాలు, బిల్లులు చూసిపెట్టడం నా పని. ఇలాంటి కేసుల్లో ఎక్కువమంది చేసేవి రెండే. ఒకటి, గొణుక్కుంటూ వాడేసుకోవడం. రెండు, ఫోన్‌లో నాలుగు తిట్లు తిట్టి సరుకును పక్కన పడేయడం. నా దృష్టిలో రెండూ సరఫరాదారుకే లాభం. మొదటి దాంతో అతని సరుకు అమ్ముడుపోతుంది. రెండో దాంతో రైతుకు కావాల్సిందేమిటో అతనికి తెలియదు, అడ్వాన్స్ మాత్రం అతని దగ్గరే ఉంటుంది.

ముందు సరుకు సంగతి. ఆ వైపు నేల ఇసుకపాలు ఎక్కువ, నీరు ఇంకిపోతుంది. అందుకని అర ఎకరం నర్సరీ గుంటకు అడుగునా గట్లకూ ప్లాస్టిక్ పరుస్తున్నారు. గట్టు వాలు, పైన కందకంలో పాతే అంచు, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చే భాగం అన్నీ లెక్కేస్తే 2,450 చదరపు మీటర్లు తేలింది. ఏడు మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న రోళ్లు ఏడు. వాట్సాప్‌లో ఆర్డరు స్పష్టంగానే ఉంది: "500 మైక్రాన్ హెచ్‌డీపీఈ ఫిల్మ్, నలుపు, 2,450 చదరపు మీటర్లు." రేటు చదరపు మీటరుకు 80 రూపాయలు. మొత్తం 1,96,000, అందులో సగం, 98,000 ముందే పంపేశారు.

వచ్చింది 300 జీఎస్‌ఎం నేత షీటు. ప్లాస్టిక్ పట్టీలను నేసి, రెండు వైపులా పలచటి పూత వేస్తారు. ఇది చెత్త సరుకేమీ కాదు. దానికి బీఐఎస్ ప్రమాణమే ఉంది, ఐఎస్ 15351. పొలాల్లో నీటి కుంటలకు చాలామంది వాడతారు. ఇక్కడే రైతులు తడబడతారు. సరఫరాదారు "ఇందులో లోపమేముంది చూపించు" అంటే, లోపం చూపించలేక మెత్తబడతారు. అసలు చూపించాల్సిన పనే లేదు. సరుకు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అడిగిందా కాదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

అయినా తేడా ఏమిటో రైతుకు తెలిసి ఉంటే మాట తడబడదు. ఫిల్మ్ అంచుల్ని వేడి వెడ్జ్ మెషీన్‌తో రెండు సమాంతర గీతలుగా అతికిస్తారు. ఆ రెంటి మధ్య సన్నటి గాలి దారి మిగులుతుంది. రెండు చివరలూ మూసి అందులోకి గాలి కొట్టి, ఐదు నిమిషాలు గేజీ చూస్తే ఎక్కడైనా అతుకు వదిలిందో లేదో నీళ్లు పెట్టకముందే తెలిసిపోతుంది. నేత షీటులో నీటిని ఆపేది పైపూత మాత్రమే. పంట పంటకూ అడుగు రుద్ది కడిగే చోట, ఏరేటర్ల కాళ్లు రాసుకునే చోట ఆ పూత అరిగితే నీరు నేతలోకి దిగి పట్టీల వెంట పాకుతుంది. చిల్లు ఒకచోట ఉంటే తడి ఇంకోచోట కనిపిస్తుంది. వెతికి అతుకు వేయడం చాలా కష్టం.

సరఫరాదారు నోట వచ్చిన ఇంకో మాట, "మైక్రాన్ అయినా జీఎస్‌ఎం అయినా ఒకటే కదన్నా." కాదు. మైక్రాన్ మందానికి కొలత, జీఎస్‌ఎం చదరపు మీటరు బరువుకు. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.94 గ్రాములు. కాబట్టి 500 మైక్రాన్ ఫిల్మ్ చదరపు మీటరుకు సుమారు 470 గ్రాములు తూగాలి. ఈ ఒక్క లెక్కతో ఏ ల్యాబూ లేకుండా కాగితం మీద సాక్ష్యం సంపాదించవచ్చు. 2,450 చదరపు మీటర్ల అసలు సరుకు సుమారు 1,150 కిలోలు ఉండాలి. వచ్చింది 300 జీఎస్‌ఎం అయితే 735 దగ్గర ఆగాలి. వ్యాన్‌ను దగ్గర్లోని కాటాకు తీసుకెళ్లి, సరుకుతో ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి తూయించాం. తేడా 740 కిలోలు. ఇప్పుడు చేతిలో మూడో మనిషి ఇచ్చిన రెండు చీటీలున్నాయి. బేలు కోయలేదు, సరుకు పాడుచేశారన్న మాటా రాలేదు.

ఆ పదిహేను రూపాయల తగ్గింపును కూడా ఇదే కాటా దగ్గర పెట్టి చూడండి. బరువు తగ్గింది నూటికి 36 వంతులు. ధర తగ్గిస్తానన్నది నూటికి 19 వంతుల లోపే. వేరే రకమన్న సంగతి పక్కన పెట్టి, ఉత్త ప్లాస్టిక్ లెక్కన చూసినా ఆ బేరం నష్టమే.

బేళ్లు దించుకుంటే ఒప్పుకున్నట్టేనేమో అని రైతు టెన్షన్ పడ్డారు. కాదు. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 41వ సెక్షన్ ప్రకారం, ముందుగా చూసుకోని సరుకును పరీక్షించే అవకాశం దొరికేదాకా కొన్నవాడు ఒప్పుకున్నట్టు లెక్క కాదు. అయితే 42వ సెక్షన్ దగ్గర జాగ్రత్త. వద్దని తగిన సమయంలో చెప్పకపోయినా, సరుకును సొంత సొత్తులా వాడినా ఒప్పుకున్నట్టే. ఒక్కసారి ఒప్పుకున్నాక మామూలుగా నష్టపరిహారం అడగగలరు గానీ తిప్పిపంపలేరు. ఆ రోజు గుంట దగ్గరున్న మేస్త్రీ "ఒక బేలు పరిచి చూద్దాం సార్, బాగుంటే ఉంచుకుందాం" అని కత్తి తీశాడు. ఆ కత్తి ఆడి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

డ్రైవర్ దగ్గరున్న డెలివరీ కాపీ మీద ఉత్త సంతకం పెట్టకుండా "ఆర్డరు చేసిన రకం కాదు, పరీక్ష కోసం మాత్రమే దించుకున్నాం" అని రాయించాం. మర్నాడు ఉదయం ఈ లేఖ మెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ వెళ్లింది:

"నా ఆర్డరు 500 మైక్రాన్ హెచ్‌డీపీఈ ఫిల్మ్. నిన్న మీరు పంపింది 300 జీఎస్‌ఎం నేత షీటు. మార్పు గురించి పంపేముందు నన్ను అడగలేదు, నేను ఒప్పుకోలేదు. ఈ సరుకు మొత్తాన్నీ తిరస్కరిస్తున్నాను. బేళ్లు విప్పకుండా షెడ్డులో ఉన్నాయి, మీ ఖర్చుతో తీసుకెళ్లవచ్చు. కాటా చీటీలు, ఫొటోలు జతచేశాను.

"నేను తీసుకునేవి ఇవి. ఫిబ్రవరి 12 సాయంత్రంలోగా ఆర్డరు చేసిన ఫిల్మ్, పాత రేటుకు. అది మీ దగ్గర లేకపోతే ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, కానీ నేత లేని ఫిల్మ్ అయి ఉండాలి, సగటు మందం 500 మైక్రాన్లకు తగ్గకూడదు, ఎక్కడ కొలిచినా 450కి దిగకూడదు, తయారీదారు పరీక్ష పత్రం ఉండాలి. లోడ్ చేసే ముందు రోలు లేబుల్ ఫొటో పంపి నా రాతపూర్వక ఒప్పుదల తీసుకోవాలి. ఈ రెండూ కుదరకపోతే ఆర్డరు రద్దు, నా 98,000 రూపాయలు ఫిబ్రవరి 19 లోగా తిరిగి ఇవ్వాలి. ఇప్పుడున్న సరుకును ధర తగ్గించినా తీసుకోను."

ఈ రెండో పేరాలోనే నా వాదనంతా ఉంది. బ్రాండ్ విషయంలో రైతు వదులుకున్నారు, మందం విషయంలో వదులుకోలేదు. తన గుంటకు నిజంగా అవసరమైనదేదో, అలవాటు కొద్దీ అడిగిందేదో ఆయన విడదీసి చెప్పారు. "లేదా దానికి సమానమైనది" అని రాసి ఉంటే, సమానం అంటే ఏమిటో మళ్లీ సరఫరాదారే తేల్చేవాడు. ఆ మాట బదులు అంకె రాస్తే వాదనకు చోటుండదు. చివరి వాక్యం లేకపోతే బేరం ఇరవై రూపాయల దగ్గర మళ్లీ మొదలయ్యేది.

లేఖ మర్నాడే వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. అమ్మింది ఎంఎస్‌ఎంఈ చట్టం కింద నమోదైన చిన్న తయారీదారు అయితే, సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వక అభ్యంతరం లేకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు పరిగణిస్తారు. డబ్బు చెల్లించాల్సిన గడువు, వడ్డీ లెక్క అక్కడి నుంచే నడుస్తాయి. ఫోన్‌లో ఎంత అరిచినా అది రాత కాదు.

సరఫరాదారు ఊరుకోలేదు. లోడ్ చేసిన రోజు తను పంపిన మెసేజ్‌కు రైతు బొటనవేలు గుర్తు పెట్టారని, అదే ఒప్పుదలని స్క్రీన్‌షాట్ పంపాడు. మెసేజ్‌లో ఉన్నది "మెటీరియల్ లోడ్ అయిందన్నా" అని మాత్రమే. రకం మారిన ఊసే లేదు. తెలియని మార్పును ఎవరైనా ఎలా ఒప్పుకుంటారు? ఆ ఒక్క జవాబుతో ఆ వాదన ఆగింది. ఇన్‌వాయిస్‌లోనూ "హెచ్‌డీపీఈ లైనింగ్ షీట్" అని గుండుగుత్తగా రాసి ఉంది, మందం లేదు. అతను కావాలనే అలా రాశాడని అనను. కానీ అలాంటి బిల్లు వచ్చినప్పుడు వెనకున్న ఆర్డరు మెసేజే రైతుకు దిక్కు.

అతని వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. సీజన్ మొదట్లో అందరూ ఒకేసారి అడిగితే స్టాక్ నిజంగానే అయిపోతుంది. "లేదన్నా, పది రోజులాగాలి" అని ముందే చెప్పి ఉంటే రైతు ఒంగోలులోనో ఇంకెక్కడో వెతుక్కునేవారు. ఆర్డరు చేజారుతుందన్న భయంతోనే అతను ఆ ఫోన్ చేయలేదు. భయం అర్థమవుతుంది, కానీ దాని ఖర్చు రైతు మీద పడటం కుదరదు.

12వ తేదీ సాయంత్రం మరో కంపెనీ రోళ్లు ఏడు వచ్చాయి, లేబుల్ ఫొటో ముందు రోజే వచ్చింది. ఒక్కో రోలు కాటా మీద 160 కిలోలు దాటింది. హేచరీ వాళ్లు గుంటలో వేయాల్సిన రొయ్య సీడ్‌ను వారం వాయిదా వేశారు. పాత బేళ్లు మాత్రం ఇంకో తొమ్మిది రోజులు షెడ్డులోనే ఉన్నాయి. సరఫరాదారు వాటి తిరుగు కిరాయి సగం రైతు పెట్టుకోవాలన్నాడు. వద్దన్న సరుకును తిరిగి చేర్చే బాధ్యత కొన్నవాడిది కాదని 43వ సెక్షన్ చెబుతోంది. ఆ పేరా ఫొటో తీసి పంపాక అతనే వ్యాన్ పంపాడు. ఎలుకలు కొరకకుండా, ఎండ తగలకుండా టార్పాలిన్ కప్పి ఉంచిన బేళ్లను లెక్కపెట్టి, ఫొటో తీసి, డ్రైవర్ సంతకంతో పంపేశారు.

ఇప్పుడా రైతు ఆర్డరు మెసేజ్‌ల చివర ఒక లైను అదనంగా ఉంటోంది: "రకం, మందం మారితే లోడ్ చేసే ముందు అడగాలి. నేను 'ఒప్పుకున్నాను' అని అక్షరాల్లో రాస్తేనే ఒప్పుకున్నట్టు."