సవరణ: ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ సీఈహెచ్ గురించి మొన్న రాసింది

"సీఈహెచ్ ఉందంటే 6 గంటల ప్రాక్టికల్ చేసి పాసైనట్టే."

నేను రాసిన ఈ మాట తప్పు, రెండు పరీక్షలను ఒకటిగా కలిపేశాను. నిర్వహణ సంస్థ ఇచ్చిన వివరాల ప్రకారం, సీఈహెచ్ అంటే 4 గంటల్లో 125 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు. 6 గంటల్లో 20 సవాళ్లుండే సీఈహెచ్ ప్రాక్టికల్ వేరే పరీక్ష, అది విడిగా పాసవ్వాలి.

కాబట్టి రెజ్యూమెలో సీఈహెచ్ ఒక్కటే ఉంటే, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటే ఏంటో, ఏ టూల్ దేనికో ఆ మనిషికి తెలుసని అర్థం. చాలాచోట్ల హెచ్‌ఆర్ వడపోత దాటడానికి అది పనికొస్తుంది. నెట్‌వర్క్ స్కాన్ చేసి, లోపం కనిపెట్టి, లోపలికి వెళ్లి చూపించారని మాత్రం కాదు. పెంటెస్టింగ్ ఉద్యోగానికి టీమ్ లీడ్ అడిగేది సరిగ్గా ఇదే. ఓఎస్‌సీపీ అనే ఇంకో హ్యాకింగ్ సర్టిఫికెట్ పరీక్షలో అయితే దాదాపు 24 గంటలు మెషీన్ల మీద పనిచేశాక, ఇంకో 24 గంటల్లో రిపోర్ట్ కూడా రాసి పంపాలి.