‘సర్, నాకు మెంటార్‌గా ఉంటారా?’ అనే మెసేజ్‌కి జవాబు ఎందుకు రాదు?

‘రెస్పెక్టెడ్ సర్, ఈ ఏడాది బీటెక్ పూర్తి చేశాను. క్లౌడ్ సెక్యూరిటీ అంటే చాలా ఇష్టం. దయచేసి నాకు మెంటార్‌గా ఉండి గైడ్ చేయగలరు.’ అనుభవమున్న సెక్యూరిటీ ఇంజనీర్ల ఇన్‌బాక్సుల్లోకి కొద్ది మాటల తేడాతో ఇదే మెసేజ్ వచ్చి పడుతుంటుంది. ఎక్కువసార్లు దానికి జవాబు ఉండదు. పంపిన కుర్రాడు, లేదా అమ్మాయి, ‘పెద్దవాళ్లు మనల్ని పట్టించుకోరు’ అనుకుని వదిలేస్తారు. చాలా సందర్భాల్లో అసలు కారణం మెసేజ్‌లోనే ఉంటుంది. అందులో జవాబు చెప్పదగ్గ ప్రశ్నే లేదు. ‘గైడ్ చేయండి’ అన్నప్పుడు ఏం చెప్పాలో, ఎన్నాళ్లు చెప్పాలో ఆలోచించే భారం మొత్తం అవతలి మనిషి మీద పడుతుంది. ఆఫీసు పని మధ్యలో దాన్ని చదివిన మనిషి ‘తర్వాత చూద్దాం’ అనుకుంటాడు. ఆ తర్వాత రాదు.

ఈ రంగానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘మీ కంపెనీలో ఏ టూల్స్ వాడతారు, ఫైర్‌వాల్ ఎలా పెట్టుకున్నారు?’ అని అడిగితే సెక్యూరిటీ ఇంజనీర్ వెంటనే జాగ్రత్త పడతాడు. ముక్కూమొహం తెలియని వాళ్లకు ఆ వివరాలు చెప్పకూడదన్నది అతని ఉద్యోగంలో భాగం. అందుకే ప్రశ్న అతని కంపెనీ గురించి కాకుండా, అందరికీ తెలిసిన ఘటన గురించో, మీరు సొంతంగా చేసి చూసిన దాని గురించో ఉండాలి.

అలాంటి ఘటనకు క్యాపిటల్ వన్ మంచి ఉదాహరణ. 2019 మార్చిలో ఈ అమెరికన్ బ్యాంకు అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లో దాచుకున్న డేటాను బయటి వ్యక్తి ఒకరు ఎత్తుకెళ్లారు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. జులై 17న బయటివాళ్లు ఎవరో మెయిల్ పెట్టేదాకా బ్యాంకుకు సంగతే తెలియదు.

జరిగింది ఇదీ. ఏడబ్ల్యూఎస్‌లో నడిచే ప్రతి మెషీన్‌కూ 169.254.169.254 అనే లోపలి అడ్రస్ ఒకటి అందుబాటులో ఉంటుంది. మెషీన్ ఏమేం చేయవచ్చో చెప్పే హక్కుల మూటను రోల్ అంటారు. మెషీన్‌కు ఇచ్చిన ఆ రోల్ తాలూకు తాత్కాలిక తాళాలు, అంటే క్రెడెన్షియల్స్, అక్కడ దొరుకుతాయి. బయటి నుంచి ఆ అడ్రస్‌ను నేరుగా చేరలేం. కానీ మెషీన్ మీద ఉన్న వెబ్ ఫైర్‌వాల్‌ను సరిగా అమర్చకపోవడంతో, బయటి మనిషి తరఫున అదే ఆ అడ్రస్‌కు వెళ్లి తాళాలు తెచ్చి ఇచ్చింది. ఆ రోల్‌కు ఫైళ్లు దాచే బకెట్ల జాబితా చూసే హక్కు, లోపలి ఫైళ్లు చదివే హక్కు రెండూ ఉన్నాయి. ఫైర్‌వాల్ పనికి అంత హక్కు ఎందుకన్నది ఆలోచించాల్సిన విషయం. అదే ఏడాది నవంబర్‌లో ఏడబ్ల్యూఎస్ ఈ లోపలి సేవకు రెండో వెర్షన్ తెచ్చింది. ఇందులో ముందు PUT పద్ధతిలో టోకెన్ అడగాలి, తర్వాత ఆ టోకెన్‌ను హెడర్‌లో పెట్టి తాళాలు అడగాలి. ఇచ్చిన లింకును తెరిచి చూపడం ఒక్కటే తెలిసిన ప్రోగ్రామ్ ఈ రెండు మెట్లూ ఎక్కలేదు.

దీన్ని సొంత ఖాతాలో చేసి చూడటానికి రెండు వారాంతాలు చాలు. ఒక చిన్న మెషీన్, ఉత్తుత్తి ఫైలు ఒకటి ఉన్న బకెట్, దాన్ని చదవగలిగే రోల్, ఇచ్చిన లింకును తెరిచి చూపే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఉంటే సరిపోతుంది. సెక్యూరిటీ గ్రూపులో మీ ఇంటి ఐపీ ఒక్కదానికే దారి ఇవ్వండి. మొదలుపెట్టే ముందే బిల్లుకు బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, పని కాగానే మెషీన్‌ను టెర్మినేట్ చేయండి. ఇతరుల సైట్ల మీద ఈ ప్రయోగం చేయడం నేరం.

మొదటి తడబాటు ఇక్కడే వస్తుంది. పాత వీడియో చూసి అమెజాన్ లైనక్స్ 2023 మెషీన్ మీద ప్రయత్నిస్తే అనుమతి లేదన్న 401 ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే అందులో రెండో వెర్షన్‌ను తప్పనిసరి చేసే పెట్టారు. పాత లోపాన్ని చూడాలంటే http-tokens విలువను optional చేయాలి. రోల్ పేరు, తాళాలు మీ ప్రోగ్రామ్ ద్వారా బయటికి రావడం కళ్లారా చూశాక తలుపు మూయండి:

```
aws ec2 modify-instance-metadata-options \
  --instance-id <instance-id> \
  --http-endpoint enabled \
  --http-tokens required \
  --http-put-response-hop-limit 1
```

ఇప్పుడు అదే ప్రోగ్రామ్ ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. కానీ అదే మెషీన్‌లో మామూలు బ్రిడ్జ్ నెట్‌వర్క్ మీద ఒక డాకర్ కంటైనర్ నడుస్తూ, దానికి నిజంగానే తాళాలు అవసరమైతే, అదీ ఆగిపోతుంది. ఎర్రర్ కూడా స్పష్టంగా రాదు, ఎదురుచూసి ఎదురుచూసి టైమ్ఔట్ అవుతుంది. టోకెన్ మోసుకొచ్చే ప్యాకెట్‌కు ఒక్క అంగ వేసే అనుమతే ఉంది, కంటైనర్ దాకా చేరాలంటే రెండు కావాలి. హాప్ లిమిట్‌ను 2 చేస్తే పని నడుస్తుంది. అయితే అప్పుడు ఆ మెషీన్‌లో అలా నడిచే ప్రతి కంటైనర్‌కూ అవే తాళాలు అందుతాయి. సీనియర్‌ను అడగాల్సిన ప్రశ్న ఇక్కడ పుడుతుంది, ఎందుకంటే దీనికి అన్ని చోట్లా ఒకటే జవాబు లేదు. ఆ ప్రశ్నలో వచ్చే ఐపీటేబుల్స్ లైనక్స్‌లో నెట్‌వర్క్ దారులు మూసే సాధనం, ఈసీఎస్ కంటైనర్లను నడిపే ఏడబ్ల్యూఎస్ సేవ. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> నమస్కారం సర్. ఈ ఏడాది బీటెక్ పూర్తయింది. క్యాపిటల్ వన్ ఘటనలోని లోపాన్ని నా సొంత ఏడబ్ల్యూఎస్ ఖాతాలో చేసి చూశాను. http-tokens ను required చేశాక నా డాకర్ కంటైనర్‌కు టోకెన్ రావడం ఆగింది. హాప్ లిమిట్ 2 చేస్తే వచ్చింది, కానీ మిగతా కంటైనర్లకూ అదే రోల్ అందుతోంది. ఇలాంటప్పుడు అక్కర్లేని కంటైనర్లకు ఐపీటేబుల్స్‌తో దారి మూయడం మేలా, ఈసీఎస్‌కు మారి ఒక్కో టాస్క్‌కు వేరే రోల్ ఇవ్వడం మేలా? చేసినదంతా రెండు పేజీల నోట్స్‌గా రాశాను, లింక్ కింద ఉంది. తీరిక ఉన్నప్పుడు రెండు వాక్యాలు చెప్పినా చాలు.

ఇందులో ‘మెంటార్’ అనే మాటే లేదు. రెజ్యూమే లేదు, రెఫరల్ ప్రస్తావన లేదు. చదివిన మనిషి ‘టాస్క్ రోల్ వైపు వెళ్లు, ఐపీటేబుల్స్ నియమాలు మెషీన్ మార్చినప్పుడు మర్చిపోతారు’ అని ఫోన్‌లోంచే కొట్టి పంపగలడు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. నోట్స్‌లో పెట్టే స్క్రీన్‌షాట్లలో తాళాలు, ఖాతా నంబరు కనిపించకుండా చెరిపేయాలి. తాత్కాలిక తాళాలు గంటల్లో చెల్లిపోయేవే అయినా, సెక్యూరిటీ నేర్చుకుంటానని వచ్చిన మనిషి నోట్స్‌లో అవి కనబడితే ఆ సీనియర్ ఇంకో పేజీ తిప్పడు.

జవాబు వస్తే ‘థాంక్యూ సర్’ అని ఊరుకోకూడదు. చెప్పింది చేసి చూసి, రెండు వారాల్లో ఏం జరిగిందో రాయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. జవాబిచ్చిన మనిషికి తన మాట ఏమైందో తెలియదు, అక్కడితో పరిచయం ఆగిపోతుంది. రెండో ప్రశ్న కోసం వెతకనక్కర్లేదు, ఆ ప్రయోగంలోనే ఉంది. తాళాలతో బకెట్ల జాబితా చూసిన సంగతి, ఖాతాలో ఎవరేం చేశారో నమోదు చేసే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీలో ListBuckets పేరుతో కనిపిస్తుంది. ఫైలు ఎత్తుకెళ్లిన GetObject మాత్రం కనిపించదు. అలాంటి డేటా ఈవెంట్లను విడిగా ఆన్ చేస్తే తప్ప అవి నమోదు కావు, చేస్తే ఈవెంట్ల లెక్కన డబ్బు కట్టాలి. వందల బకెట్లున్న చోట వేటికి ఆన్ చేయాలి, వేటిని వదిలేయాలి అన్నదే రెండో మెసేజ్.