చలికాలం జాగింగ్: ట్రెడ్‌మిల్ గాలి నిజంగా శుభ్రమైనదేనా?

నవంబరు వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో కొత్తగా జాగింగ్‌కి దిగినవాళ్లు ఫోన్‌లో గాలి నాణ్యత చెప్పే ఏక్యూఐ చూసుకోవడం మొదలుపెడతారు. అంకె 150 దాటగానే ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: ‘ఆ పొగలో పరిగెత్తే బదులు జిమ్‌లో చేరొచ్చు కదా.’ మాట సబబుగానే ఉంది. కానీ ట్రెడ్‌మిల్ ఎక్కితే శుభ్రమైన గాలి దొరుకుతుందనే నమ్మకం మీద అది నిలబడి ఉంది. మన జిమ్‌ల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాటకు గ్యారంటీ ఇవ్వలేరు. తీరిక లేని మనిషి ఆ నమ్మకంతో రోజూ అరగంట ట్రాఫిక్‌లో జిమ్‌కి వెళ్లి వస్తే, తప్పించుకున్నాననుకున్న పొగను దారిలోనే పీల్చి వస్తాడు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో కనిపించే ఏక్యూఐ గడిచిన 24 గంటల సగటు మీద లెక్కగట్టింది. ఉదయం 6 గంటలకు 130 అని చూపిస్తోందంటే, అందులో నిన్న మధ్యాహ్నపు గాలీ ఉంది, నిన్న రాత్రి ట్రాఫిక్ పొగా ఉంది. ఈ క్షణాన మీ వీధిలో గాలి ఎలా ఉందో అది చెప్పదు. పైగా కొన్ని ప్రైవేటు యాప్‌లు అమెరికా కొలమానం వాడతాయి. క్యూబిక్ మీటరు గాలిలో పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి 60 మైక్రోగ్రాములు ఉంటే మన లెక్కలో ఏక్యూఐ 100, ‘సంతృప్తికరం’. అదే గాలికి అమెరికా లెక్కలో 150 దాటుతుంది, ఎరుపు రంగు వస్తుంది. ఒకే గాలికి ఒక యాప్ పచ్చజెండా, ఇంకో యాప్ ఎర్రజెండా చూపిస్తుంటే కొత్తవాళ్లకి టెన్షన్ రాక ఏమవుతుంది? అందుకే ఏక్యూఐని పక్కనపెట్టి, దగ్గర్లోని గాలి కొలిచే స్టేషన్‌లో ఆ గంటకు పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములుందో చూడటం మేలు. పరుగుకు పనికొచ్చే అంకె అదే.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. ముప్ఫై అయిదేళ్లు ఉంటాయి, కూకట్‌పల్లిలో కాపురం, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఉదయం పిల్లల స్కూల్ బస్సు ఎక్కించాక ఆఫీసుకు బయల్దేరేలోపు ముప్పావుగంట దొరుకుతుంది. వారానికి మూడుసార్లు 25 నిమిషాల చొప్పున, కాస్త నడక, కాస్త జాగింగ్ కలిపి చేయాలనుకుంటున్నాడు. మూడు పాతికలు 75 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టి వ్యాయామానికి వారానికి కనీసంగా చెప్పిందీ 75 నిమిషాలే. నడకను తీసేస్తే ఆ లెక్క పూర్తిగా సరిపోదు గానీ, మొదలుపెట్టేవాడికి లక్ష్యంగా చాలు.

కూర్చున్నప్పుడు మనం నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాం. నడకా జాగింగూ కలిపితే సగటున 40 లీటర్లు అనుకోవచ్చు. 25 నిమిషాలకు వెయ్యి లీటర్లు, అంటే సరిగ్గా ఒక క్యూబిక్ మీటరు. చలికాలం ఉదయం బయట 90 మైక్రోగ్రాములుంటే అతను పీల్చే ధూళి 90 మైక్రోగ్రాములు. కిటికీలు మూసిన జిమ్ గదిలో దానిలో సగం ఉందనుకుంటే 45. ట్రెడ్‌మిల్ వల్ల మిగిలేది 45 మైక్రోగ్రాములు.

ఇక జిమ్‌కి వెళ్లే దారి లెక్క. బైక్ మీద వెళ్లేందుకు పావుగంట, రావడానికి పావుగంట. బండి నడిపేటప్పుడు నిమిషానికి 12 లీటర్లు వేసుకుంటే అరగంటకు 360 లీటర్లు. బస్సుల వెనకా ఆటోల వెనకా సిగ్నళ్ల దగ్గర ఆగే రోడ్డు మీద 130 మైక్రోగ్రాములు ఉందనుకుంటే, పీల్చే ధూళి దాదాపు 47. ఇంట్లో ఉన్నా అరగంటలో కొంత పీలుస్తాడు కాబట్టి అదంతా అదనం కాదు, సగానికి పైగా అదనం అనుకోవచ్చు. అంటే జిమ్‌లో మిగిలిన దాంట్లో సగానికి పైన దారిలోనే పోయింది. పైగా ముప్పావుగంటలో అరగంట ప్రయాణానికే అయిపోయింది, పరుగుకు మిగిలింది పావుగంట. ఈ అంకెలన్నీ అంచనాలే, ఎవరి వీధిని బట్టి వాళ్లు మార్చుకోవచ్చు. ఊపిరి బలంగా, నోటితో పీల్చినప్పుడు ధూళి లోపలికి ఎక్కువ చేరుతుందన్న సంగతీ ఈ లెక్కలో లేదు. అయినా దూరంగా ఉన్న జిమ్ మంచి బేరం కాదని తేల్చడానికి ఇది చాలు. అపార్ట్‌మెంట్ కింద క్లబ్‌హౌస్‌లో ట్రెడ్‌మిల్ ఉన్నవాడి లెక్క వేరు. లిఫ్ట్ దిగితే చాలు కాబట్టి అతనికి ఆ 45 మిగులు నిజంగానే మిగులుతుంది.

అది కూడా గది గాలి మంచిదైతేనే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. దాని మూత తీస్తే కనిపించే జాలీలో నూగు, వెంట్రుకలు పట్టుబడతాయి గానీ పీఎం 2.5 అంతా దూరిపోతుంది. దాన్ని పట్టాలంటే హెపా ఫిల్టరున్న ప్యూరిఫైయర్ కావాలి, అదీ గది సైజుకు సరిపడేది. మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో, తలుపులు బార్లా తెరిచిన జిమ్‌లో పరిగెత్తడానికీ కింద రోడ్డు మీద పరిగెత్తడానికీ గాలి విషయంలో పెద్ద తేడా ఉండదు. పొద్దున్నే జిమ్ తెరవగానే రిసెప్షన్‌లో దేవుడి పటం ముందు అగరుబత్తీలు వెలిగిస్తారు చూడండి, తలుపులు మూసిన గదిలో ఆ పొగ కూడా పీఎం 2.5 కిందికే వస్తుంది. భక్తిని తప్పుపట్టడం లేదు, బత్తి ఆరిన ఓ అరగంటకు ట్రెడ్‌మిల్ ఎక్కితే నయం అంటున్నానంతే. చేతిలో పట్టే పీఎం మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్కసారి గదిలో, ఒక్కసారి గుమ్మం బయట పెట్టి చూడండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఆ జిమ్‌కి గాలి కోసం డబ్బు కట్టడం దండగ.

బయట పరిగెత్తేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనది వేళ. తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందని పెద్దవాళ్లు చెబుతారు. వేసవిలో, వానాకాలంలో ఆ మాటకు ఎదురు చెప్పక్కర్లేదు. డిసెంబరు, జనవరిలో మాత్రం అది తిరగబడుతుంది. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని అంటిపెట్టుకున్న గాలి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. కింద పుట్టిన పొగ పైకి పోలేదు. ఆరు, ఏడు గంటలకు వాహనాలు పెరుగుతాయి, రోడ్లు ఊడ్చేటప్పుడు దుమ్ము లేస్తుంది, మూలన చెత్తకుప్ప అంటించి చలి కాగుతారు. ఇదంతా ఆ మూత కిందే. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి పైకి కలిసిపోతుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య ధూళి బాగా తగ్గుతుంది. పొద్దుగూకాక మళ్లీ పెరుగుతుంది. హైదరాబాద్ జనవరి ఎండ నాలుగు గంటలకు జాగింగ్‌కి పెద్ద ఇబ్బంది కాదు. ఇంటి నుంచి పనిచేసే రోజున మధ్యాహ్నం మీటింగుల మధ్య ఆ 25 నిమిషాలు దొరికితే, చలికాలం అంతటిలో అదే మంచి పరుగు.

దారి కూడా అంతే తేడా తెస్తుంది. లండన్‌లో అరవై దాటినవాళ్లను ఒకరోజు డీజిల్ బస్సులు, టాక్సీలు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో, మరో రోజు దగ్గర్లోని హైడ్ పార్కులో రెండేసి గంటలు నడిపించి పరీక్షించారు. ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పార్కులో నడిచాక ఊపిరితిత్తుల పనితీరు, రక్తనాళాల మృదుత్వం మెరుగయ్యాయి. బస్సుల వీధిలో నడిచినప్పుడు ఆ లాభం చాలావరకు కనిపించలేదు. రెండు చోట్లూ ఒకే ఊళ్లోవి, ఒకే స్టేషన్ ఏక్యూఐ కిందికి వచ్చేంత దగ్గర. అందుకే మన కూకట్‌పల్లి మనిషి జాతీయ రహదారి పక్క ఫుట్‌పాత్ వదిలేసి, రెండు వీధులు లోపలికి వెళ్లి కాలనీ పార్కు చుట్టూ తిరిగితే, యాప్‌లో అంకె మారకపోయినా అతను పీల్చేది మారుతుంది. లోపలి వీధుల్లో కుక్కల బెడద ఉన్నమాట నిజం. అందుకోసమే ట్రెడ్‌మిల్ ఎంచుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. చీకట్లో ఒంటరిగా పరిగెత్తలేని ఆడవాళ్లకైతే గాలి లెక్కకన్నా ఆ లెక్కే ముందు.

మరి పొగకు భయపడి మానేస్తే? 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వేసిన ఒక అంచనా ఇక్కడ పనికొస్తుంది. పీఎం 2.5 స్థాయి 100 మైక్రోగ్రాములున్న చోట కూడా, రోజుకు గంటన్నర సైకిల్ తొక్కేదాకా వ్యాయామపు లాభమే పైచేయిగా ఉంటుందని వాళ్ల లెక్క తేల్చింది. జాగింగ్‌లో ఊపిరి సైక్లింగ్ కన్నా ఎక్కువే అవసరం కాబట్టి దాన్ని యథాతథంగా తీసుకోలేం. అయినా 25 నిమిషాలు ఆ హద్దుకు చాలా దూరం. నా మటుకు పరుగుకు వెళ్లే గంటలో పీఎం 2.5 అంకె 60 లోపు ఉంటే బయటికే వెళ్లమంటాను. 60 నుంచి 120 మధ్య ఉంటే లోపలి వీధుల్లో, పరుగు తగ్గించి నడక పెంచమంటాను. 120 దాటితే ఇంట్లోనే. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఈ హద్దులు పట్టుకోకుండా డాక్టర్ని అడగాలి. నవంబరులో ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్లకి కూడా ఇది వర్తించదు. అక్కడ 300 మైక్రోగ్రాముల రోజులు కూడా వస్తాయి, అప్పుడు ప్యూరిఫైయర్ ఉన్న గది తప్ప వేరే దారి లేదు.

గాలి సంగతి పక్కనపెడితే, కొత్తవాడికి ట్రెడ్‌మిల్ చేసే అసలు మేలు వేగం కట్టడి. రోడ్డు మీద కొత్తవాళ్లు దాదాపు అందరూ మొదటి రెండు నిమిషాలు ఉరికి, మూడో నిమిషంలో నడుము పట్టుకుని నిలబడతారు. బెల్టు మీద 7 అని పెడితే 7 కిలోమీటర్ల వేగమే. ఒక నిమిషం 7లో పరుగు, రెండు నిమిషాలు 5లో నడక అని తిప్పుకుంటూ పోవచ్చు. పరుగులో కూడా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగుతుంటే 6.5కి దించాలి. ముందున్న కడ్డీ పట్టుకుని పరిగెత్తితే బరువంతా చేతుల మీద పడి, తెర మీద కనిపించే క్యాలరీలు ఉత్తుత్తివవుతాయి. ఫ్యాన్ ఎదురుగా లేకపోతే గాలి తగలక గుండె వేగం ఊరికే పెరుగుతుంది, దాన్ని చూసి ‘నాకు స్టామినా లేదు’ అనుకోకండి.

కాబట్టి మన మనిషికి నేను చెప్పేది ఇది. డిసెంబరు, జనవరిలో రెండు రోజులు కింద క్లబ్‌హౌస్‌లో, శనివారం సాయంత్రం నాలుగింటికి బయట. క్లబ్‌హౌస్ లేకపోతే మూడూ లోపలి వీధుల్లోనే, అంకె చూసుకుని. ఏడాది మెంబర్‌షిప్‌కి డిస్కౌంట్ ఇస్తామన్నా జిమ్‌లో మూడు నెలలకు మించి కట్టొద్దు. శనివారం పరుగును మాత్రం ఎగ్గొట్టొద్దు. బెల్టు సమంగా, కాస్త మెత్తగా ఉంటుంది. చలికాలమంతా దాని మీదే పరిగెత్తి మార్చిలో ఒక్కసారిగా సిమెంటు రోడ్డెక్కితే పిక్కలు, మోకాలి కింది ముందు ఎముక నొప్పి పెడతాయి. ఫిబ్రవరి రెండో వారం నుంచి మూడింటిలో రెండు బయటికి మార్చి, మొదటి పదిహేను రోజులు పరుగు నిమిషాలను సగానికి తగ్గించుకుంటే ఆ నొప్పి చాలావరకు తప్పుతుంది.